బుడగలో పట్టేంత తెలుగు

కామిక్‌ని తెలుగులోకి మార్చడం అంటే సబ్‌టైటిల్స్ రాయడం లాంటిదే అని చాలామంది అనుకుంటారు. సబ్‌టైటిల్‌కి స్క్రీన్ కింద ఒకటే చోటు, అక్కడ ఒక లైన్ పోయి ఇంకో లైన్ వస్తుంది. కామిక్‌లో అలా కాదు. ప్రతి మాటకీ ముందే గీసేసిన బుడగ ఉంటుంది. ఆ బుడగకి కొలత ఉంటుంది, పేజీలో ఒక స్థానం ఉంటుంది, పక్కనే ఒక బొమ్మ ఉంటుంది. ఇంగ్లీష్ వాక్యానికి సరిపోయేలా గీసిన చోట తెలుగు వాక్యం కూర్చోవాలి. చోటు సరిపోకపోవడం ఒక సమస్య. అంతకంటే పెద్ద సమస్య, తెలుగులో మాటలు వచ్చే వరసే వేరు.

ఈ సంచికలో వస్తున్న నాలుగు పేజీల హాస్టల్ కామిక్‌ని మా రూమ్మేట్ ఇంగ్లీష్‌లో గీశాడు. దాన్ని తెలుగు చేసి, ఇంక్‌స్కేప్‌లో బుడగల్లో అక్షరాలు పెట్టే పని నాది. అందులోంచే ఉదాహరణలు చెప్తాను. కథ ఏంటో కొంచెం బయటపడిపోతుంది, ఏమనుకోకండి.

రెండో పేజీలో మూడు ప్యానెల్స్ ఉన్నాయి. మొదటి ప్యానెల్‌లో హీరో రూమ్ లోపల తలుపుకి వీపు ఆనించి నిలబడి ఉంటాడు, బయట ఇద్దరు ఫ్రెండ్స్ తలుపు బాదుతుంటారు. బుడగలో మాట: ‘ఐ వోంట్ ఓపెన్ దిస్ డోర్...’. రెండో ప్యానెల్‌లో మాటలేం లేవు, గడియ పెడుతున్న చెయ్యి మాత్రం కనిపిస్తుంది. మూడో ప్యానెల్‌లో టేబుల్ మీద ఖాళీ ఆవకాయ సీసా, అడుగున కొంచెం నూనె. బుడగలో: ‘...అంటిల్ యూ టెల్ మీ హూ ఏట్ మై పికిల్!’

జోక్ అంతా మూడో ప్యానెల్‌లో ఉంది. ఏదో పెద్ద గొడవ అనుకుంటాం, తీరా చూస్తే ఆవకాయ. ఆ మాటా, ఆ ఖాళీ సీసా ఒకేసారి కంట్లో పడాలి.

ఇప్పుడు దీన్ని మామూలు తెలుగు వాక్యంగా రాస్తే: ‘నా ఆవకాయ ఎవడు తిన్నాడో చెప్పేదాకా తలుపు తియ్యను.’ వాక్యంలో తప్పేం లేదు, మనం అలాగే మాట్లాడతాం. కానీ దాన్ని రెండు ముక్కలు చేసి బుడగల్లో పోస్తే, మొదటి బుడగలో ‘నా ఆవకాయ ఎవడు తిన్నాడో చెప్పేదాకా...’, మూడో ప్యానెల్‌లో ‘...తలుపు తియ్యను!’ అని వస్తుంది. ఆవకాయ సంగతి సీసా కనపడకముందే తెలిసిపోయింది. సీసా బొమ్మ పక్కన తలుపు గురించి మాట ఉంది, తలుపు బొమ్మ పక్కన ఆవకాయ గురించి మాట ఉంది. వాక్యం కరెక్టే, పేజీ మాత్రం తలకిందులైంది.

ఇంగ్లీష్‌లో ముఖ్యమైన క్రియ ముందు వస్తుంది, ‘అంటిల్’తో మొదలయ్యే షరతు తర్వాత రాగలదు. తెలుగులో షరతు ముందు, క్రియ చివర. పేజీ గీసిన వాడు ఇంగ్లీష్ వరసని నమ్ముకుని బొమ్మలు పేర్చాడు. కాబట్టి అనువాదం చేసేవాడు ముందు చూడాల్సింది వాక్యం అర్థం కాదు, ఏ మాట ఏ బొమ్మని తాకుతోంది అన్నది.

సరే, ఇంగ్లీష్ వరసనే ఉంచేద్దాం అనుకుంటే: ‘నేను ఈ తలుపు తియ్యను...’ తర్వాత ‘...నా ఆవకాయ ఎవరు తిన్నారో మీరు చెప్పే వరకు.’ వినగానే డబ్బింగ్ సినిమా గుర్తొస్తుంది. నిజానికి మాట్లాడేటప్పుడు ఇలా వెనక అతికించడం మనకీ ఉంది. ‘నేను రాను, వాడొచ్చేదాకా’ అంటాం. కానీ అది ఒకే ఊపిరిలో అన్నప్పుడే కుదురుతుంది. ఇక్కడ మధ్యలో మాటల్లేని ప్యానెల్ ఒకటి ఉంది. ‘తియ్యను’ అన్న క్రియ పూర్తవగానే, మూడు చుక్కలు పెట్టినా సరే, చదివేవాడు మనసులో ఫుల్‌స్టాప్ పెట్టేసుకుంటాడు. తర్వాత ‘చెప్పే వరకు’ అని వస్తే అది దేనికి తగులుకుందో వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి.

అందుకని వాక్యాన్ని వదిలేసి బొమ్మల్ని పట్టుకున్నాను. మొదటి బుడగలో తలుపు ఉండాలి, మూడో దాంట్లో ఆవకాయ ఉండాలి, వీలైతే చివరి మాటగా ఉండాలి. వాక్యం ఎలాగూ ‘తియ్యను’ దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఆగనిచ్చాను.

మొదటి బుడగ: ‘తియ్యను. తియ్యనంటే తియ్యను!’

మూడో బుడగ: ‘ముందిది చెప్పండి. ఎవడ్రా తిన్నది నా ఆవకాయ?’

‘అంటిల్’ ఎక్కడికి పోయింది? గడియ పెడుతున్న చేతిలోకి పోయింది. ఒకడు తియ్యనంటున్నాడు, గడియ పెట్టాడు, తర్వాత ఒక ప్రశ్న అడిగాడు. జవాబు చెప్తేనే తలుపు తీస్తాడని వేరే చెప్పక్కర్లేదు. సబ్‌టైటిల్‌లో ఇలా చేస్తే అర్థం కొంచెం జారుతుందేమో గానీ, కామిక్‌లో బొమ్మ కూడా ఒక సముచ్చయం లాంటిదే, రెండు వాక్యాల్ని కలుపుతుంది. ఇక ‘నా ఆవకాయ’ని చివరికి తోయడం మాట్లాడే తెలుగులో ఉన్నదే. కోపంలో మనం ‘ఎవడ్రా తీసింది నా చార్జర్’ అనే అంటాం, ‘నా చార్జర్‌ని ఎవరు తీశారు’ అనం.

తెలుగు వరస ఎప్పుడూ అడ్డమే అని కాదు. కొన్నిచోట్ల ఇంగ్లీష్ కంటే బాగా పనికొస్తుంది. మూడో పేజీ చివరి బుడగ ఇంగ్లీష్‌లో ‘హీ ఓపెన్డ్ ఇట్’ అని ముగుస్తుంది, పేజీ తిప్పితే ‘ఎంప్టీ’ అని ఉంటుంది. తెలుగులో ‘తీసి చూస్తే...’ అని రాస్తే చాలు. ‘తీసి’, ‘చూస్తే’ రెండూ అసమాపక రూపాలు, వాక్యం అయిపోలేదని అవే చెప్తాయి. చదివేవాడి చెయ్యి దానంతట అదే పేజీ తిప్పుతుంది. ఇలాంటి చోట మూడు చుక్కలు అవసరం కూడా లేదు. నేను అలవాటు కొద్దీ పెట్టాను.

ఈ వరస గొడవ మాంగా చదివేవాళ్లకి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నేను జపనీస్ మొదటి మెట్టు దగ్గరే ఉన్నాను గానీ, ఈ ఒక్క వాక్యం చాలు: ‘కినో కత్తా హోన్ ఒ నకుషితా.’ కినో అంటే నిన్న, కత్తా అంటే కొన్న, హోన్ అంటే పుస్తకం, ఒ అంటే మన ‘ని’, నకుషితా అంటే పోగొట్టుకున్నాను. నిన్న కొన్న పుస్తకాన్ని పోగొట్టుకున్నాను. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరగలేదు. అదే ఇంగ్లీష్‌లో ‘ఐ లాస్ట్ ద బుక్ ఐ బాట్ యెస్టర్‌డే’ అని పూర్తిగా తిరగబడుతుంది.

ఈ వాక్యం ఒక మాంగాలో రెండు బుడగల్లో ఉందనుకోండి. జపనీస్‌లో మొదటి బుడగలో ‘నిన్న కొన్న పుస్తకాన్ని...’, పక్కన సంచి వెతుకుతున్న బొమ్మ. రెండో బుడగలో ‘పోగొట్టుకున్నా’, పక్కన ఏడుపు మొహం. ఇంగ్లీష్‌లోకి మార్చేవాళ్లు దీన్ని పాత వరసలో ఉంచలేరు, వాక్యాన్ని విరిచి మళ్లీ కట్టాల్సిందే. మనం ఆ ఇంగ్లీష్‌ని చూసి తెలుగు చేస్తే, వాళ్లు పడ్డ అవస్థని కూడా దిగుమతి చేసుకుంటాం. అనవసరంగా. ఇంగ్లీష్ ద్వారానే చేయక తప్పనప్పుడు ఒక పని చెయ్యొచ్చు: రెండు బుడగల ఇంగ్లీష్‌ని కలిపి ఒకే తెలుగు వాక్యం రాసి, దాన్ని తెలుగు వరసలోనే విరిచి, బొమ్మలకి అతుకుతుందేమో చూడాలి. ఒరిజినల్ జపనీస్ అయితే చాలాసార్లు అతుకుతుంది, ఎందుకంటే ఆ బొమ్మలు పేర్చిన వరస మన వరసే.

మాంగాలో ఇంకో చిక్కు, పేజీ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. కానీ బుడగ లోపల తెలుగు ఎడమ నుంచి కుడికే. పాతరోజుల్లో ఇంగ్లీష్ పబ్లిషర్లు పేజీని అద్దంలో చూసినట్టు తిప్పేసేవాళ్లు. 1988లో ఎపిక్ కామిక్స్ వాళ్లు అకిరాని అలాగే తిప్పి, రంగులు కూడా వేసి అమెరికాలో వేశారు. తిప్పితే కుడిచేత్తో కత్తి పట్టినవాడు ఎడమచేతి వాటం అయిపోతాడు. కిమోనో మడత కూడా మారిపోతుంది. ఎడమ అంచు పైకి రావాల్సింది కుడి అంచు పైకి వస్తుంది, జపాన్‌లో అది శవానికి కట్టే పద్ధతి. ఇప్పుడు ఎక్కువగా తిప్పకుండానే వేస్తున్నారు. జపనీస్ నిలువుగా రాస్తారు కాబట్టి వాళ్ల బుడగలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. తెలుగుకి అంతకంటే పగ ఇంకోటి లేదు.

ఇక చోటు సంగతి. బుడగ ఎంత పెద్దదిగా కనిపించినా అందులో అక్షరాలకి దొరికేది తక్కువ. కోడిగుడ్డు ఆకారంలో ఇమిడే అతిపెద్ద దీర్ఘచతురస్రం వెడల్పూ ఎత్తూ రెండూ బుడగ కొలతలో సుమారు 71 శాతమే (1/√2, ఫస్ట్ ఇయర్ మ్యాథ్స్ ఇక్కడైనా పనికొచ్చింది). 40 మిల్లీమీటర్ల వెడల్పు, 28 ఎత్తు ఉన్న బుడగలో నికరంగా దొరికేది 28 బై 20.

ఆ 20 మిల్లీమీటర్ల ఎత్తులో ఎన్ని లైన్లు పడతాయి? ఇంగ్లీష్ కామిక్స్‌లో అన్నీ పెద్దబడి అక్షరాలే రాస్తారు. వాటికి కిందకి వేలాడే తోకలు దాదాపు ఉండవు కాబట్టి లైన్లు దగ్గరగా పేర్చవచ్చు. 8 పాయింట్ల అక్షరానికి 9 పాయింట్ల లైన్ పెడితే ఆరు లైన్లు వస్తాయి. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు. నేను వాడిన మండలి ఫాంట్‌లో 8.5 పాయింట్ల అక్షరానికి 13 పాయింట్ల లైన్ పెట్టాను. అంటే నాలుగే లైన్లు. లైన్ దూరం సరిపోతుందా లేదా చూడాలంటే పై లైన్‌లో ‘రాష్ట్రం’, సరిగ్గా దాని కింద ‘కీర్తి’ పెట్టి చూడండి. పైదాని ఒత్తు కిందదాని గుడిని తాకితే దూరం చాలదు. ‘అమ్మ వచ్చింది’తో టెస్ట్ చేస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

కోడ్ రాసి లెక్కపెడదాం అనుకునేవాళ్లకి ఒక చిన్న హెచ్చరిక:

```python
len("స్త్రీ")   # 6
```

మనకి ఒక్క అక్షరం, పైథాన్‌కి ఆరు కోడ్‌పాయింట్లు. దీంతో బుడగ కొలిస్తే అన్నీ పట్టవనే చెప్తుంది. అక్షరాల సంఖ్య కాదు, ఫాంట్‌లో పెట్టాక వచ్చే అసలు వెడల్పు కొలవాలి. నా ఫాంట్ సైజుకి ఒక అక్షరం సగటున 2.4 మిల్లీమీటర్లు తీసుకుంది.

మూడో పేజీలో 26 బై 24 బుడగ ఒకటి ఉంది. నికరంగా 18 బై 17. అంటే వెడల్పుకి ఏడు అక్షరాలు, మూడు లైన్లు. ఇంగ్లీష్‌లో మాట ‘ఐ కాంట్ బిలీవ్ యూడ్ సస్పెక్ట్ మీ!’ తెలుగులో మొదట వచ్చేది ‘నన్ను అనుమానిస్తావనుకోలేదు!’ ఆ రెండో మాట ఒక్కటే పది అక్షరాలు. పట్టదు.

ఫాంట్ తగ్గించడం అందరికీ ముందు తట్టే ఉపాయం. మన మ్యాగజైన్‌ని ఫోన్‌లో చదువుతారు, 8 పాయింట్ల కంటే తగ్గితే ఒత్తులు మసకబారతాయి. పైగా ఒక్క బుడగలో అక్షరం చిన్నదైతే ఆ పాత్ర గొణుగుతున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ వాడు అరుస్తున్నాడు. మాటని విరవాలంటే సంధి విప్పొచ్చు: నన్ను / అనుమానిస్తావు / అనుకోలేదు. మూడు లైన్లు, అన్నీ పట్టాయి. కానీ లైన్ మారే చోట కన్ను ఒక క్షణం ఆగుతుంది. నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు కూడబలుక్కునే వాళ్లకి అది రెండు వాక్యాల్లా వినిపిస్తుంది: నన్ను అనుమానిస్తావు. అనుకోలేదు. ఇంకో సంగతి, నిదానంగా చదివేవాడి కన్ను మాట పూర్తికాకుండానే పక్క బొమ్మ మీదకి జారుతుంది. పది అక్షరాల మాట వాడికి ఒక స్పీడ్ బ్రేకర్.

చివరికి పెట్టింది: నా మీదా / అనుమానం?

ఏడు అక్షరాలు, రెండు లైన్లు. ‘నమ్మలేకపోతున్నాను’ అనే భావం అంతా ‘మీద’ చివర సాగిన ఆ ఒక్క దీర్ఘంలో ఉంది. ఇంగ్లీష్‌లో నాలుగు మాటలు చేసే పనిని తెలుగు ఒక అచ్చుతో చేస్తుంది. చోటు చాలనప్పుడు నేను ముందు వెతికేది ఇలాంటివే: ప్రశ్నలోని ‘ఆ’, ఒత్తి పలికే ‘ఏ’, ‘ట’. ‘దే సే హీ ఈజ్ కమింగ్’ ఎంత పొడుగు, ‘వస్తాడట’ ఎంత పొట్టి.

అక్షరాలు పట్టలేదని బుడగనే పెంచితే చదివే వరస దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎడమ నుంచి కుడికి నడిచే పేజీలో కన్ను ముందు పైనున్న బుడగకి పోతుంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే ఎడమదానికి పోతుంది. మూడో పేజీలోనే ఒక ప్యానెల్‌లో హీరో కుడివైపు ఉన్నాడు, మొదట మాట్లాడేది అతనే: ‘సీసా ముట్టుకున్నావా?’ ఎడమవైపు ఉన్న ఫ్రెండ్ జవాబు: ‘నేనేం తినలేదు!’ ముట్టుకున్నావా అంటే తినలేదు అని తొందరపడి చెప్పడమే జోక్. ఒరిజినల్‌లో హీరో బుడగ బాగా పైన, ఫ్రెండ్ బుడగ కింద ఉన్నాయి. తెలుగు జవాబు కోసం ఎడమ బుడగని పైకి పెంచితే రెండింటి పై అంచులు దాదాపు సమానం అవుతాయి.

రెండు రకాలుగా పెట్టి, కథ తెలియని నలుగురికి ఫోన్‌లో చూపించి పైకి చదవమన్నాను. అంచుల మధ్య 2 మిల్లీమీటర్ల తేడా ఉన్నదాన్ని ఇద్దరు ఎడమ నుంచి మొదలుపెట్టారు. ఎడమ బుడగని కిందకి పెంచి తేడా 8 మిల్లీమీటర్లు ఉంచినదాన్ని నలుగురూ సరిగ్గా చదివారు. పైకి చదివించడం తప్పనిసరి. ఎందుకంటే ‘నేనేం తినలేదు!’, ‘సీసా ముట్టుకున్నావా?’ అని తిరగేసి చదివినా ఏదో ఒక అర్థం వస్తుంది. ఎవరూ కంప్లైంట్ చెయ్యరు, నవ్వరు, అంతే. బుడగ తోక వల్ల ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది గానీ, ఎవరు ముందో తెలియదు.

కొన్నిచోట్ల ఇంగ్లీష్ దాచిన సంగతిని తెలుగు క్రియ బయటపెట్టేస్తుంది. ఆవకాయ తిన్నది ఎవరో కాదు, మెస్‌లో వంట చేసే ఆంటీ. అది నాలుగో పేజీలో తెలుస్తుంది. కానీ మూడో పేజీలోనే పక్క రూమ్ వాడు ‘సమ్‌బడీ టుక్ ఇట్ టు ద మెస్’ అంటాడు. తెలుగులో ‘తీసుకెళ్లింది’ అంటే దొంగ దొరికిపోయినట్టే, ‘తీసుకెళ్లాడు’ అంటే అబద్ధం. ‘ఎవరో మెస్‌కి తీసుకెళ్లారు’ అని రాస్తే ఆడా మగా తెలియదు, ఒకరా పదిమందా కూడా తెలియదు. రెండో పేజీలో హీరో ‘ఎవడ్రా’ అన్నది మాత్రం అలాగే ఉంచాను. వాడి అనుమానం రూమ్మేట్ల మీదే కదా.

నాలుగో పేజీ ఆఖరి బుడగ అన్నిటికంటే చిన్నది, 14 మిల్లీమీటర్ల గుండ్రం. మెస్ తలుపు తీసి చూస్తే ఆంటీ ప్లేటులో అన్నం, పక్కన గిన్నెలో ఆవకాయ. ఇంగ్లీష్‌లో హీరో అనేది ‘ఓ’ ఒక్కటే. తెలుగులో ‘ఓహో’ అంటే వెటకారం, ‘అయ్యో’ అంటే జాలి, ‘అలాగా’ అంటే వాడు ఇంకా పెద్దమనిషిలా ఉన్నాడని. రెండు పేజీల నుంచీ ఎవడ్రా, ఎవడ్రా అని అరుస్తున్నవాడు ఒక్కసారిగా మెత్తబడాలి, అదీ 10 మిల్లీమీటర్ల వెడల్పులో. ‘మీరా!’ అని పెట్టాను. రెండే అక్షరాలు, ఆ బుడగని ముట్టుకునే పని లేకుండా పట్టేసింది.